ఆటపట్టించడమా, గొడవా, వేధింపా? బడిపిల్లల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో హైస్కూలు టీచర్లు, ఆరు నుంచి పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. చాలా ఊళ్ళలో ఆరో తరగతికి పిల్లలు సొంత ఊరి బడి వదిలి మండలంలోని హైస్కూలుకు వస్తారు. నాలుగైదు ఊళ్ళ పిల్లలు ఒకే గదిలో పడతారు. ఎవరు ఎవరికి తగ్గాలో తేల్చుకునే పని అక్కడే మొదలవుతుంది. మధ్యలో వచ్చే పైడిరాజు కథలో పేరు మార్చాను. రెండు మూడు బడుల్లో జరిగినవి కలిపి ఒక్కటిగా చెప్పాను.

ఈ మూడింటికీ అసలు తేడా ఏమిటి?

గొడవకి ఒక విషయం ఉంటుంది. కబడ్డీలో అవుట్ అయ్యాడా లేదా, ఈ పెన్ను ఎవరిది, కిటికీ పక్క చోటు ఎవరిది. ఇద్దరూ గట్టిగానే అరుస్తారు, ఒక్కోసారి చొక్కాలు చిరుగుతాయి. కానీ విషయం తేలితే గొడవ కూడా అయిపోతుంది. ఆటపట్టించడంలో విషయం పెద్దగా ఉండదు, నవ్వు ఉంటుంది. ఆ నవ్వు ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ తిరుగుతూ ఉంటుంది. వేధింపులో మాత్రం ఆ పిల్లవాడే విషయం. పెన్ను ఇచ్చేసినా, చోటు వదిలేసినా అది ఆగదు. రేపు ఇంకో సాకు దొరుకుతుంది.

నార్వేలో పనిచేసిన మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్ 1970ల నుంచి ఈ విషయం మీదే పరిశోధన చేశారు. ఆయన చెప్పిన మూడు గుర్తులనే ఇప్పటికీ ఎక్కువమంది వాడుతున్నారు. బాధపెట్టాలని చేయడం, మళ్ళీ మళ్ళీ చేయడం, అవతలి పిల్లవాడు ఎదురు నిలవలేని స్థితిలో ఉండడం. మళ్ళీ మళ్ళీ అంటే ఎంత అని అడుగుతారు. ఆయన ప్రశ్నావళితో చేసే సర్వేల్లో నెలకు రెండు మూడు సార్లు, లేదా అంతకంటే ఎక్కువ జరిగితే వేధింపు కింద లెక్క వేస్తారు. రోజూ జరగాల్సిన పని లేదన్నమాట.

బడిలో పనికొచ్చేది మూడో గుర్తు అని నా అభిప్రాయం. మొదటిదైన ఉద్దేశం మన కంటికి కనిపించదు, అడిగితే ఎవరూ ఒప్పుకోరు. రెండోదాన్ని పట్టుకోవడం హైస్కూల్లో కష్టం. లెక్కల సార్ ఒకసారి చూస్తారు, హిందీ టీచర్ ఒకసారి చూస్తారు, వంట చేసే అమ్మ ఒకసారి చూస్తుంది. ఎవరికి వారు ఒక్కసారే కదా అని వదిలేస్తారు. పిల్లవాడికి మాత్రం అది వారంలో నాలుగోసారి అయి ఉంటుంది.

ఎదురు నిలవలేకపోవడం అంటే ఒడ్డూ పొడుగూ తక్కువ ఉండడమేనా?

కాదు. చాలాసార్లు వేధించేవాడే చిన్నగా ఉంటాడు. ఒంటి బలం బలాల్లో ఒకటి మాత్రమే.

మన దగ్గర అన్నిటికంటే ఎక్కువ కనిపించేది మంది బలం. ఒకే ఊరి నుంచి నలుగురు కలిసి వస్తారు, ఇంకో ఊరి నుంచి ఒక్కడే వస్తాడు. ఆ తర్వాత పెద్దల బలం. అమ్మానాన్నలు పని కోసం చెన్నైకో హైదరాబాద్‌కో వెళ్ళిపోతే, పిల్లలు తాతామామ్మల దగ్గర పెరుగుతారు. వాడి తరఫున బడికి వచ్చి అడిగేవాళ్ళు లేరని తోటి పిల్లలకి ఇట్టే తెలిసిపోతుంది. ఊళ్ళో పలుకుబడి ఉన్నవాళ్ళ అబ్బాయి ఏమన్నా, మిగతావాళ్ళు ఇంట్లో చెప్పడానికి కూడా జంకుతారు. కులం సంగతి అందరికీ తెలిసిందే, దాని గురించి చివర్లో చెబుతాను.

మాట కూడా ఒక బలమే. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు, సీతంపేట వైపు నుంచి హాస్టల్‌కి వచ్చే సవర పిల్లలు తెలుగులో ఒక్క అక్షరం తడబడితే చాలు, ఆ తడబాటే ఏడాదంతా పేరై కూర్చుంటుంది. విశాఖలో ప్రైవేట్ స్కూలుకి వెళ్ళిన మన పిల్లలను "ఏటి" అన్నందుకు వెక్కిరిస్తే మనకి ఎంత మండుతుందో, మన బడుల్లో ఆ పిల్లలకీ అంతే.

ఇక కంటికి అసలు కనిపించని బలం ఒకటుంది: రహస్యం. ఒకప్పుడు ప్రాణ స్నేహితురాలు, ఇప్పుడు చెడింది. ఈ అమ్మాయి రాసిన చీటీయో ఫొటోయో ఆ అమ్మాయి దగ్గర ఉంది. బయటకి ఇద్దరూ సమానంగానే కనిపిస్తారు, మార్కులూ దగ్గర దగ్గరే. అయినా ఒకరు ఎప్పుడూ తగ్గుతూనే ఉంటారు. ఎందుకు తగ్గుతున్నారో తెలియనంతసేపూ మనం దాన్ని స్నేహం అనే అనుకుంటాం.

"సరదాకే అన్నాం సార్" అంటారు. ఎలా తేల్చాలి?

సరదాయే అయితే అది నాలుగు చోట్ల తెలిసిపోతుంది.

మొదటిది, తిరిగి అనగలడా? ఆటపట్టించుకునే స్నేహితుల్లో ఈరోజు వీడికి వంతు, రేపు వాడికి వంతు. ఎప్పుడూ ఒకడికే వంతు వస్తుంటే అది ఆట కాదు.

రెండోది, ఆపమంటే ఆగుతుందా? స్నేహితుడు నొప్పించే మాట అనేసి నాలిక కరుచుకుంటాడు, వాడి మొహం మాడితే మాట మారుస్తాడు. వేధించేవాడికి ఆ మాడిన మొహమే కావాలి. "ఆపరా" అనగానే గొంతు పెంచుతాడు.

మూడోది, దేని మీద అంటున్నారు? సచిన్ అనుకుని బ్యాట్ పట్టి డకౌట్ అయ్యాడని నవ్వితే అది రేపటికి మారిపోయే సంగతి. నల్లగా ఉన్నాడనీ, నత్తి అనీ, నాన్న తాగుతాడనీ అంటే పిల్లవాడు మార్చుకోగలిగింది అందులో ఏమీ లేదు.

నాలుగోది, అయిపోయాక ఎవరు ఎటు వెళ్ళారు? తోసుకుంటూ, కిందా మీదా పడుతూ ఆడే పిల్లల్ని చూసి టీచర్లు తరచుగా పొరబడతారు. ఆటైతే మొహాలు విప్పారి ఉంటాయి, బలమైనవాడు కావాలని కాసేపు కింద పడతాడు, పైన ఉన్నవాడు కిందికీ కింద ఉన్నవాడు పైకీ మారుతుంటారు, గంట కొట్టాక ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని లోపలికి వస్తారు. వేధింపైతే అది అవ్వగానే ఒకడు విడిగా, గోడ పక్కనుంచి వస్తాడు.

వాడు నవ్వుతున్నాడు కాబట్టి పర్వాలేదని మాత్రం అనుకోవద్దు. ఏడిస్తే ఇంకా ఎక్కువ అవుతుందని తెలిసిన పిల్లవాడు నవ్వడం నేర్చుకుంటాడు. ముందు నవ్వేది ఎవరో చూడండి. అందరూ నవ్వాక, ఒక్క క్షణం ఆగి నవ్వేవాడు ఉంటే వాడిని గమనించాలి.

నిజంగా ఒక బడిలో ఇది ఎలా తేలిందో చెప్పగలరా?

పైడిరాజు ఏడో తరగతి. అమ్మానాన్న చెన్నైలో బిల్డింగ్ పనుల్లో ఉన్నారు, వాడు మామ్మ దగ్గర ఉంటాడు. ఊరి నుంచి బడికి షేర్ ఆటో. అదే ఆటోలో అదే ఊరి పిల్లలు నలుగురు ఒక జట్టు, ఇద్దరు ఎనిమిది, ఇద్దరు ఏడు.

ఆ తరగతిలో టీచర్లందరి దృష్టీ వేరే ఇద్దరి మీద ఉండేది. వాళ్ళు తరచూ కొట్టుకునేవాళ్ళు. ఒకసారి కబడ్డీ గీత దగ్గర గొడవ పడి ఒకడి ముక్కు నుంచి రక్తం కారింది. ఫిర్యాదుల పుస్తకం నిండా వాళ్ళ పేర్లే. పైడిరాజు పేరు అందులో ఒక్కసారి కూడా లేదు. నెమ్మదస్తుడు, నవ్వుతూ ఉంటాడు, అందరి పనీ చేసిపెడతాడు అని పేరు.

క్లాస్ టీచర్‌కి అనుమానం వచ్చింది గుడ్డు దగ్గర. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టిన రోజు పైడిరాజు పళ్ళెంలో అది ఎప్పుడూ ఉండదు. అడిగితే "నాకు ఇష్టం లేదు టీచర్" అన్నాడు. ఇంకో పని మీద వాళ్ళ మామ్మ బడికి వచ్చినప్పుడు మాటల్లో అడిగితే, "గుడ్డంటే ఆడికి పేణం బావూ" అంది ఆవిడ పక్కనున్న హెడ్మాస్టర్‌తో.

అప్పటి నుంచి రెండు వారాలు ఆ టీచర్ ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నారు. ఎక్కడ జరిగింది, ఎవరు చేశారు, చుట్టూ ఎవరున్నారు, పైడిరాజు ఏం చేశాడు, తర్వాత ఏమైంది. అంతే, "పాపం", "దుర్మార్గం" లాంటి మాటలేవీ లేకుండా. మిగతా టీచర్లను, వంట అమ్మను, ఆటో డ్రైవర్‌ను కూడా ఏం చూశారో అడిగి అందులోనే ఎక్కించారు. విడివిడిగా చూస్తే అన్నీ చిన్నవే. ఆటో దిగేటప్పుడు ఐదు బ్యాగులూ వాడి దగ్గరే ఉంటాయి, చివరగా దిగుతాడు. వాడిని "పార్సిల్" అని పిలుస్తారు, అమ్మానాన్న మామ్మ దగ్గర వదిలి వెళ్ళారు కాబట్టి. గుడ్డు రోజుల్లో పళ్ళెం వాడే తీసుకెళ్ళి ఆ జట్టు ముందు పెడతాడు. డ్రిల్ పీరియడ్‌లో నీళ్ళ సీసాలు నింపేది వాడే.

అసలు సంగతి తేల్చింది ఆటో డ్రైవర్ చెప్పిన ఒక ముక్క. ఒకరోజు పైడిరాజు కూడా వాళ్ళలో ఒకడికి తిరిగి పేరు పెట్టాడట. అందరూ నవ్వారు, పేరు పెట్టించుకున్నవాడు నవ్వలేదు. మర్నాడు పొద్దున్న ఆటోలో వీడికి చోటు లేదన్నారు, వీడు నడిచి వచ్చాడు. బడి రిజిస్టర్‌లో ఆ రోజు ఆలస్యం అని పడింది. తిరిగి అంటే ఏమవుతుంది అన్న పరీక్షకి ఇంతకంటే స్పష్టమైన జవాబు దొరకదు.

తరచూ కొట్టుకునే ఆ ఇద్దరి విషయానికి వస్తే, అదే రెండు వారాల్లో వాళ్ళు మూడుసార్లు పోట్లాడారు. ఒకసారి వీడు మొదలెట్టాడు, రెండుసార్లు వాడు. సాయంత్రానికి ఒకే సైకిల్ మీద ఇంటికి వెళ్ళారు. వాళ్ళకి కావాల్సింది ఆట రూల్స్ తేల్చే ఒక పెద్ద మనిషి. రక్తం వచ్చినచోట గొడవ ఉంది, ఒక్క దెబ్బ కూడా పడనిచోట వేధింపు ఉంది.

ఇద్దరినీ స్టాఫ్ రూమ్‌కి పిలిచి చేతులు కలిపిస్తే సరిపోదా?

గొడవ అయితే సరిపోతుంది, అదే మంచి పద్ధతి. ఇద్దరి మాటా వినడం, తప్పు ఇద్దరిదీ ఎంతెంతో ఒప్పించడం, రాజీ చేయడం.

వేధింపులో అదే పని చేస్తే పిల్లవాడు ఇంకా లోతుకి దిగిపోతాడు. రాజీ అంటే ఇద్దరూ కొంత తగ్గడం కదా. పైడిరాజు ఇంకేం తగ్గాలి? నలుగురి ఎదురుగా నిలబెట్టి "ఏం చేశారో చెప్పు" అంటే, సాయంత్రం మళ్ళీ వాళ్ళతోనే ఆటో ఎక్కాలని వాడికి తెలుసు. "ఏమీ లేదు సార్" అంటాడు. ఆ మాటతో కేసు మూసేస్తాం, ఆ నలుగురికీ బడి తమ వైపే ఉందని అర్థమవుతుంది. మన ఊళ్ళలో పంచాయితీ అలవాటు బలంగా ఉండడం వల్ల కాబోలు, ఈ పొరపాటు మంచి మనసున్న టీచర్లే ఎక్కువగా చేస్తారు.

పైడిరాజు బడిలో ఇలా చేశారు. ముందు వాడితో ఒంటరిగా మాట్లాడారు. తరగతిలో పేరు పెట్టి పిలవలేదు, నోట్‌బుక్‌లు మోయడానికి సాయం రమ్మన్నట్టు తీసుకెళ్ళారు. టీచర్ తాను చూసినవి చెప్పి, "నువ్వు ఎవరి పేరూ చెప్పక్కర్లేదు, నేను చూసిందే చాలు" అన్నారు. వాడి నాన్నకి ఆదివారం ఫోన్ చేశారు, పని రోజుల్లో ఎత్తరు కాబట్టి. తర్వాత ఒకే రోజు, ఒకరి వెంట ఒకరిని, మధ్యలో కలుసుకోకుండా ఆ నలుగురితో విడిగా మాట్లాడారు. "నువ్వు చేశావా" అని అడగలేదు. "సోమవారం నీ బ్యాగు పైడిరాజు మోశాడు. నేను చూశాను. రేపటి నుంచి ఎవరి బ్యాగు వాళ్ళు మోసుకోవాలి. శుక్రవారం మళ్ళీ నిన్ను పిలుస్తాను" అన్నారు. ఉన్నది ఉన్నట్టు, పేచీకి చోటు లేకుండా. ఇద్దరు అక్కడే ఏడ్చేశారు. వాళ్ళు వంత పాడేవాళ్ళే తప్ప మొదలెట్టేవాళ్ళు కారు. ఒకడు మొండికేశాడు, వాడి ఇంటివాళ్ళని పిలవాల్సి వచ్చింది.

చోటు కూడా మార్చారు, బాధపడేవాడిది కాదు, బాధపెట్టేవాళ్ళది. భోజనాల దగ్గర ఆ నలుగురినీ నాలుగు వరుసల్లో కూర్చోబెట్టారు. ఆటో డ్రైవర్ కూడా ఎవరి బ్యాగు వాళ్ళ ఒళ్ళోనే అని గట్టిగా చెప్పాడు.

మిగతా తరగతికి ఏం చెప్పాలి? వాళ్ళు చూస్తూ నవ్వుతారు కదా.

చూసేవాళ్ళ మీదే చాలా ఆధారపడి ఉంటుంది. కెనడాలో బడి ఆవరణల్లో వీడియోలు తీసి చూసిన ఒక పరిశోధన 2001లో అచ్చయింది. తోటి పిల్లలు అడ్డుపడినప్పుడు సగానికి పైగా సందర్భాల్లో పది సెకన్లలోపే వేధింపు ఆగింది. కానీ వాళ్ళు అడ్డుపడినవి ఐదింట ఒకటి కంటే కాస్త తక్కువే.

అందరినీ హీరోలు కమ్మని చెప్పనక్కర్లేదు. నవ్వకపోవడం ఒక పని, వచ్చి పక్కన కూర్చోవడం ఇంకో పని, తర్వాత టీచర్‌కి చెప్పడం మరో పని. పైడిరాజు పక్కన భోజనానికి కూర్చోమని టీచర్ ఇద్దరు పిల్లల్ని విడిగా అడిగారు. ఒకడు నాలుగు రోజులకే మానేశాడు, రెండోవాడు ఉన్నాడు. ఆ ఒక్కడే చాలా మార్చాడు.

చెప్పడానికి వచ్చిన పిల్లవాడిని "చాడీలు చెప్పకు" అని పంపేస్తే ఇంక ఎవరూ రారు. ఇంకొకడిని ఇరికించడానికి చెబుతున్నాడా, ఇంకొకడిని బయటపడేయడానికి చెబుతున్నాడా అని మాత్రం చూసుకోండి.

మా పిల్లవాడు ఇంట్లో ఏమీ చెప్పడు. ఎలా తెలుసుకోవాలి?

మాటల కంటే ముందు అలవాట్లు మారతాయి. ఆదివారం సాయంత్రం నుంచి కడుపునొప్పి మొదలై, సెలవు అని తెలియగానే తగ్గిపోవడం. బడి నుంచి రాగానే పరుగున బాత్రూమ్‌కి వెళ్ళడం, అంటే బడిలో అటు వెళ్ళడానికి భయపడి రోజంతా ఆపుకుంటున్నాడని. క్యారేజీ పట్టుకెళ్ళినా ఆకలితో రావడం. పెన్నులు, స్కేలు, జామెట్రీ బాక్స్ తరచూ పోవడం. ఐదూ పదీ రూపాయలు ఎక్కువగా అడగడం. ఆటో మానేసి నడిచి వెళ్తాననడం.

వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. కళ్ళజోడు అవసరమైనా తలనొప్పి వస్తుంది, యూనిట్ టెస్టుల టెన్షన్‌కీ కడుపునొప్పి వస్తుంది, ఇంట్లో గొడవలున్నా పిల్లలు ముడుచుకుపోతారు. రెండు మూడు కలిసి కనిపించి, అవి బడి రోజులతో పాటే వచ్చి బడి సెలవులతో పాటే పోతుంటే అప్పుడు పట్టించుకోండి.

"నిన్నెవరైనా ఏడిపిస్తున్నారా?" అని అడిగితే "లేదు" అనే వస్తుంది. "ఈరోజు ఎవరి పక్కన కూర్చున్నావు? ఆటోలో ఎవరి పక్కన? డ్రిల్ పీరియడ్‌లో ఏం ఆడారు, నువ్వు ఏ టీమ్?" అని అడగండి. వారం రోజులు అడిగితే బొమ్మ వస్తుంది. చూపులు కలవకుండా పక్క పక్కన ఉన్నప్పుడు పిల్లలు బాగా మాట్లాడతారు, బండి మీద వెళ్తున్నప్పుడో, చిక్కుళ్ళు వలుస్తున్నప్పుడో. వేరే ఊళ్ళో పని చేసే తల్లిదండ్రులకి చిక్కు ఏమిటంటే, రాత్రి ఫోన్‌లో వెనక తాతామామ్మలు వింటూ ఉంటారు. వాళ్ళని బాధపెట్టడం ఇష్టం లేక పిల్లవాడు "బాగున్నా" అంటాడు. వారంలో ఒకసారైనా ఫోన్ పట్టుకుని బయట అరుగు మీదకి రమ్మనండి.

చెప్పాక వెంటనే ఆ పిల్లల ఇంటి మీదకి పోకండి. పెద్దల గొడవ అయితే పిల్లవాడు రెండోసారి చెప్పడు.

ఎవరూ మాట్లాడకపోవడం, ఆటలో చేర్చుకోకపోవడం కూడా వేధింపేనా?

ఒక్క పుట్టినరోజుకి పిలవకపోతే కాదు. ఇద్దరు స్నేహితురాళ్ళు చెడి వారం మాట్లాడుకోకపోయినా కాదు. అందరితో అందరూ స్నేహంగా ఉండాలని బలవంతం చేయలేం, చేయకూడదు కూడా.

ఒకరు చెప్పి మిగతావాళ్ళతో మాన్పిస్తే అది వేధింపు. "దానితో మాట్లాడితే నువ్వు మా గ్రూపులో ఉండవు" అన్న మాట దొరికిందంటే ఇంక సందేహం అక్కర్లేదు. ఆడపిల్లల విషయంలో ఇది ఎక్కువగా కళ్ళు తప్పిపోతుంది, ఎందుకంటే పట్టుకోవడానికి ఏమీ జరగదు. గ్రూపులుగా విడిపొమ్మన్నప్పుడు గమనించండి. ఒక అమ్మాయి వస్తుంటే బెంచి మీద చోటు ఎలా మాయమైపోతుందో ఒక్క పీరియడ్‌లో తెలిసిపోతుంది.

వాట్సాప్‌లోనో ఇన్‌స్టాలోనో ఒక్కసారే పెట్టారు. అదీ వేధింపేనా?

అవును అనే అనుకోవాలి. పెట్టింది ఒక్కసారే అయినా, చూసిన ప్రతివాడూ, పంపిన ప్రతివాడూ దాన్ని మళ్ళీ చేసినట్టే. పిల్లవాడు ఇంటికి వచ్చినా అది ఆగదు. తీసేయించే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి, తేదీ, గ్రూపు పేరు కనిపించేలా. అసభ్యమైన ఫొటో అయితే మాత్రం స్క్రీన్‌షాట్ తీయొద్దు, ఎవరికీ పంపొద్దు. నేరుగా పోలీసులకి చెప్పండి.

మావాడే ఏడిపిస్తున్నాడని బడి నుంచి ఫోన్ వచ్చింది. ఏం చేయాలి?

"మావాడు అలాంటివాడు కాదు" అన్న మాట నోటి దాకా వస్తుంది. దాన్ని ఆపుకుని, ఏ రోజు, ఎక్కడ, ఏం జరిగిందో అడిగి రాసుకోండి. ఇంటికి వచ్చాక కొడితే బలమున్నవాడిదే రాజ్యమని వాడు ముందే నమ్మిన సంగతిని మనమే ఖాయం చేసినట్టవుతుంది. ఎవరి దగ్గర ఏం తీసుకున్నాడో అది తిరిగి ఇప్పించండి, గుడ్డయినా పదిరూపాయలైనా. క్షమాపణ నలుగురిలో వద్దు, అవతలి పిల్లవాడు వింటానంటేనే చెప్పించండి.

తిరిగి కొట్టమని చెప్పొచ్చా?

సమానులైతే ఒక దెబ్బతో తేలిపోవచ్చు. కానీ సమానులైతే అది గొడవే కదా. నలుగురి మీద ఒకడు చెయ్యెత్తితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పైగా టీచర్ తల తిప్పేసరికి కనిపించేది ఎప్పుడూ చివరి దెబ్బే. నెల రోజులు ఓర్చుకున్నవాడు ఒక్కరోజు తిరగబడి, వాడే శిక్ష తింటాడు. టీచర్లకి కూడా ఇదే మాట: మంచి పిల్లవాడు ఉన్నట్టుండి ఒకడి మీద పడితే, శిక్షకి ముందు గత నెల ఏం జరిగిందో అడగండి.

చేతులు కట్టుకుని నిలబడమనీ కాదు. అక్కడి నుంచి కదిలి పెద్దవాళ్ళు ఉన్న చోటికి రావడం, ఒంటరిగా ఉండే చోట్లు తప్పించుకోవడం, ఎవరికి చెప్పాలో ఒక మనిషి పేరు ముందే తెలిసి ఉండడం. ఇవి ఇంట్లో ఒకటికి రెండుసార్లు చేసి చూపించాలి.

టీచరే పేర్లు పెట్టి పిలిస్తే?

అప్పుడు తరగతి మొత్తానికి లైసెన్స్ ఇచ్చినట్టే. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షనే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. ముందు హెడ్మాస్టర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక కాపీ దగ్గర ఉంచుకోండి.

ఆగిపోయిందని ఎప్పుడు అనుకోవచ్చు?

వారం రోజుల్లో ఆగినట్టు కనిపిస్తుంది, అది నమ్మొద్దు. అందరూ చూస్తున్నారని తెలిసి తగ్గుతారు. పైడిరాజు బడిలో మొదటి వారం చివర, నెల తర్వాత, మళ్ళీ దసరా సెలవుల తర్వాత చూశారు. బ్యాగులు, గుడ్డు వెంటనే ఆగాయి. "పార్సిల్" అన్న పేరు పూర్తిగా పోలేదు, వేరే తరగతి పిల్లలు అసలు అర్థం తెలియకుండానే అంటున్నారు. ఆ మొండికేసినవాడు దసరా తర్వాత ఆరో తరగతి పిల్లవాడి బ్యాట్ లాక్కోవడం మొదలెట్టాడు. అందుకే ఆగిందా అని ఒక్క పైడిరాజు వైపే చూడకూడదు, వేధించినవాడు ఇప్పుడు ఎవరితో తిరుగుతున్నాడో కూడా చూడాలి.

బడిని దాటి బయటకి ఎప్పుడు వెళ్ళాలి?

బడిలో రాసి ఇచ్చాక కూడా ఏమీ కదలకపోతే, గాయాలుంటే, డబ్బు గుంజుతుంటే 1098కి ఫోన్ చేయండి. పిల్లల కోసమే ఉన్న ఉచిత నంబర్ అది, రోజంతా పనిచేస్తుంది, పిల్లవాడు తనే కూడా చేయొచ్చు. లైంగిక ఉద్దేశంతో ఒంటి మీద చేయి వేయడం, బట్టలు లాగడం లాంటివి ఆడపిల్లకి జరిగినా మగపిల్లవాడికి జరిగినా, లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం కిందకి వస్తాయి. తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి, బడి పరువు కోసం లోపలే సర్దుబాటు చేయడానికి టీచర్‌కి గానీ హెడ్మాస్టర్‌కి గానీ అధికారం లేదు. ఎస్సీ, ఎస్టీ పిల్లలను నలుగురిలో కులం పేరుతో తిడితే దానికి 1989 నాటి అట్రాసిటీ చట్టం ఉంది. చేసినవాళ్ళు 18 ఏళ్ళ లోపు పిల్లలైతే విషయం జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది.

చచ్చిపోవాలనిపిస్తోందని పిల్లవాడు ఒక్కసారి అన్నా, ఊరికే అన్నాడేమో అని తూకం వేయకండి. ఒంటరిగా వదలకండి, పురుగుల మందు లాంటివి అందకుండా తాళం వేయండి, ఆ రోజే డాక్టర్‌కి చూపించండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ కౌన్సెలర్లు ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే. వేధింపా కాదా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు.